మన నడక యాప్ హోమ్ స్క్రీన్ మూడో డ్రాఫ్ట్: మూడు వారాలు వాడాక నాకనిపించింది

డెస్క్ దగ్గర కూర్చుని చూసి చెబుతున్నది కాదు, నడుస్తూ, ఒక చేత్తో, ఎండలో వాడి చెబుతున్నాను. కొన్ని మాటలు ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి.

ముందు అడుగులు పెరిగేకొద్దీ నిండే రింగ్ సంగతి. చూడ్డానికి బాగుంది, నిండుతుంటే సరదాగానూ ఉంది. కానీ పొద్దున 6 గంటలకు యాప్ తెరిస్తే మధ్యలో ఇంత పెద్ద సున్నా, చుట్టూ ఖాళీ బూడిదరంగు చక్రం. రాత్రి 9,180 అడుగులు చూసుకుని పడుకున్నదాన్ని, లేచేసరికి ఎవరో పలక తుడిచేసినట్టుంది. అర్ధరాత్రికి లెక్క మళ్లీ మొదలవ్వాల్సిందే, కాదనను, కానీ ఆ సున్నా కింద ఈ వారం ఏడు రోజులవీ ఏడు చిన్న బార్లు పెడితే నిన్నటి కష్టం కళ్లముందే ఉంటుంది. అసలు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పేది కూడా వారం లెక్కే: 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. మనం డిఫాల్ట్ టార్గెట్‌గా పెట్టిన 10,000 అడుగులేమో 1965లో జపాన్‌లో అమ్మిన ఒక పెడోమీటర్ పేరు నుంచి పాకిన అంకె. కొత్తవాళ్లకి వాళ్ల మొదటి వారం సగటు చూసి, దానికి ఓ వెయ్యి కలిపి ఇద్దాం.

టార్గెట్ అందితే ఆకుపచ్చ, అందకపోతే ఎరుపు అన్నారు. ఆ రెండు రంగులకీ తేడా తెలియనివాళ్లు చాలామందే ఉంటారు, పక్కన టిక్ గుర్తు కూడా వేయండి.

ఇక స్ట్రీక్, అదే రోజు తప్పకుండా నడిచిన రోజుల లెక్క. 17 రోజులు లాగాను, 18వ రోజు జ్వరం. మర్నాడు తెరిస్తే ఆరిపోయిన మంట బొమ్మ, కింద ‘అయ్యో, అంతా పోయింది! మళ్లీ మొదటి నుంచి!’ నిజం చెప్పనా, ఆ తర్వాత రెండు రోజులు యాప్ జోలికే పోలేదు. ఉత్సాహపరచడానికి పెట్టిన బొమ్మే నన్ను తరిమేసింది. వారానికి ఒక సెలవు రోజు ఇవ్వండి, ఆ వాక్యం తీసేసి ‘నిన్న విశ్రాంతి. ఈరోజు 10 నిమిషాలు నడిస్తే చాలు’ అని రాయండి. సాయంత్రం వచ్చే ‘ఇంకో 800 అడుగులే’ మాత్రం ముట్టుకోకండి, దాని మాట విని నేను రెండుసార్లు చెప్పులేసుకుని బయటికెళ్లాను.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి, రద్దీ. కార్డులు లెక్కపెట్టాను, 11. వాటిమీద అంకెలు 26! నీళ్లు, నిద్ర, గుండె వేగం, బీఎంఐ, స్నేహితుల ర్యాంకులు, అన్నీ ఒకే సైజులో అరుస్తున్నాయి. బీఎంఐ రోజూ మారేది కాదు కదా, దానికి హోమ్‌లో ఏం పని? ర్యాంకులైతే ఎప్పుడూ ఆఖర్న ఉండేవాళ్లకి టెన్షన్ తప్ప ఇంకేం ఇవ్వవు, కావాలన్నవాళ్లు ఆన్ చేసుకుంటారు. ఇంత గోలలో ‘నడక మొదలుపెట్టు’ బటన్ రెండు స్క్రీన్ల కింద దాక్కుంది, నేను యాప్ తెరిచేదే దానికోసం!

నాలుగో డ్రాఫ్ట్‌లో రింగు, వారం బార్లు, బొటనవేలికి అందేంత కింద ఆ బటన్, ఇవి మాత్రం స్క్రోల్ చేయకుండా కనపడాలి. మిగతావి ‘వివరాలు’ ట్యాబ్‌లోకి తోసేసి పంపండి, మళ్లీ ఎండలోకి పట్టుకెళ్తాను.