కెటిల్ కింద అయిదో యూనిట్

మే నెలలో కాకినాడ సముద్రపు గాలి చెమటను ఆరనివ్వదు. అటువంటి ఒక రాత్రి పదకొండున్నర గంటలకు ఇంజనీరింగ్ కళాశాల వసతిగృహంలోని 214వ గదిలో, రెండో సంవత్సరం మెకానికల్ చదువుతున్న నలుగురు విద్యార్థులు ఒక థర్మోడైనమిక్స్ పుస్తకం చుట్టూ నిలబడి, శస్త్రచికిత్సకు సిద్ధమైన వైద్యుల్లా దాని వెన్ను వైపు చూస్తున్నారు. పరీక్ష ఉదయం పది గంటలకు. నలుగురికీ కలిపి ఉన్నది ఆ ఒక్క పుస్తకమే.

"కోసేయరా," అన్నాడు రాంబాబు, కళ్లు మూసుకుని.

"ఇది మా సీనియర్‌ది. నా ప్రాణం తీస్తాడు," అన్నాడు తేజ.

"రేపు పేపర్ ఎలాగూ తీస్తుంది. సీనియర్‌కు మిగిలేది ఏముంది?"

ఇమ్రాన్ షేవింగ్ బ్లేడుతో కుట్టు తెంపాడు. మనిషికో యూనిట్ చొప్పున పంచుకుని, తెల్లవారుజామున మూడింటికి ఒకరికొకరు పాఠం చెప్పుకోవాలన్నది పథకం. శ్రీకర్‌కు మొదటి నియమం, ఇమ్రాన్‌కు రెండో నియమం, రాంబాబుకు వాయు మిశ్రమాలు, తేజకు ఆవిరి ధర్మాలు దక్కాయి. ఆ ఆనందంలో, పుస్తకంలో అయిదు యూనిట్లున్నాయనీ గదిలో నలుగురే ఉన్నారనీ ఎవ్వరికీ తట్టలేదు.

పంపకం పూర్తయిన వెంటనే చదువు మొదలు కావలసింది గానీ, భయపడిన విద్యార్థి ముందుగా తెరిచేది పాఠాన్ని కాదు, లెక్కల చిట్టాను. రాంబాబు గోడకు అంటించిన క్యాలెండర్ వెనుక వైపు పెన్సిల్‌తో లెక్క కట్టసాగాడు. మొత్తం 70 మార్కులు, యూనిట్‌కు 14, గట్టెక్కడానికి 25 చాలు. అంటే 35.7 శాతం. ఈ సంఖ్యను అతడు మూడు రకాలుగా తిరగేసి లెక్కించినా అదే వచ్చింది. అందుకు పట్టిన నలభై నిమిషాల్లో వాయు మిశ్రమాల్లోని ఒక్క వాయువు పేరు కూడా అతడి చెవిన పడలేదు. చివరికి, పాసైతే అన్నవరం కొండ మెట్లన్నీ నడిచి ఎక్కుతానని మొక్కుకున్నాడు. ఇమ్రాన్ వెంటనే, "నా తరఫున కూడా మొక్కరా, నీతో పాటు నేనూ ఎక్కుతాను," అన్నాడు.

ఒంటిగంటకు అందరికీ నిద్ర ముంచుకొచ్చింది. శ్రీకర్ మంచం కింది నుంచి కరెంటు కెటిల్ బయటికి తీశాడు. గదుల్లో కెటిల్ వాడరాదన్నది వసతిగృహపు నిబంధన. టేబుల్ మీది పెయింటు కాలకుండా, కనిపించిన కాగితాల కట్ట ఒకటి పరిచి, లీటరు నీళ్లు పోసిన కెటిల్‌ను దాని మీద పెట్టి స్విచ్ వేశాడు.

"ఎంతసేపు పడుతుంది?" అని అడిగాడు ఇమ్రాన్.

అది టీ కోసం అడిగిన ప్రశ్నే అయినా, మొదటి నియమాన్ని గంటన్నరగా నమిలి మింగలేకపోతున్న శ్రీకర్‌కు అది పరీక్షలో ప్రశ్నలా వినిపించింది. అతడు కెటిల్ అడుగున 1000 వాట్లని రాసి ఉండటం చూసి, నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలని ఊహించి, ఒక కిలో నీటిని 70 డిగ్రీలు పెంచడానికి 4.186ను 70తో గుణించి 293 కిలోజౌళ్లని తేల్చాడు. సెకనుకు ఒక కిలోజౌలు చొప్పున 293 సెకన్లు, అంటే 4 నిమిషాల 53 సెకన్లు. నలుగురూ ఫోన్లలో గడియారం పెట్టుకుని, కాన్పు గది బయట నిలబడ్డ బంధువుల్లా కెటిల్‌ను చూస్తూ నిలబడ్డారు.

అయిదు నిమిషాలైనా నీళ్లు మరగలేదు. శ్రీకర్ ముఖం వాడిపోయింది. ఆరు నిమిషాలకు అతడు తాను మొదటి నియమమే తప్పు చదివానని తల పట్టుకున్నాడు. సరిగ్గా ఏడు నిమిషాలకు కెటిల్ టక్కుమని ఆగింది.

"ఇచ్చింది 420, నీళ్లకు చేరింది 293. మిగిలిన 127 ఎవరు తిన్నారు?" అన్నాడు రాంబాబు, మెస్ బిల్లు తనిఖీ చేస్తున్నట్లు.

తేజ కెటిల్‌ను తాకి, వేలు నోట్లో పెట్టుకుని ఎగిరాడు. "ఇదిగో, గిన్నె తిన్నది! ఆవిరి తిన్నది! రాత్రి వోల్టేజీ తక్కువైతే అసలు వెయ్యి వాట్లు వచ్చే ఉండవు!"

"అంటే సామర్థ్యం 70 శాతం," అన్నాడు రాంబాబు. "మనకు 36 రాక ఏడుస్తున్నాం. ఈ కెటిల్‌కు ఫస్ట్ క్లాస్ వచ్చిందిరా."

తేజ ఉత్సాహంగా పెన్ను లాక్కున్నాడు. "కార్నో కూడా అదే చెప్పాడు! ఒకటిలోంచి 30 బై 100 తీసేస్తే 70 శాతమే!"

"కెల్విన్‌రా! కెల్విన్!" అని ఇమ్రాన్ పెట్టిన కేక మూడో అంతస్తు దాకా వినబడింది. "303 బై 373. అప్పుడు వచ్చేది 18.8 శాతం. పైగా కెటిల్ ఇంజన్ కాదు, అది పని చేయదు, వేడి మాత్రమే చేస్తుంది. ఈ గది గాలికీ ఈ మరిగే నీటికీ మధ్య ఎంత గొప్ప ఇంజన్ పెట్టినా అంతకు మించి రాదు."

రాంబాబు క్యాలెండర్ వైపు చూసి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అయితే కార్నోకు కూడా సప్లీయేనా?"

తలుపు మీద దబదబమని చప్పుడైంది. శ్రీకర్ దుప్పటి తీసి కెటిల్ మీద కప్పాడు. వార్డెన్ లోపలికి వచ్చి, టేబుల్ మీద ఆవిరి కక్కుతున్న దుప్పటిని చాలాసేపు చూశారు.

"ఈ దుప్పటికి జ్వరమా?"

"సార్," అన్నాడు శ్రీకర్, గొంతు తడారిపోగా, "వ్యవస్థ నుంచి పరిసరాలకు ఉష్ణం బదిలీ అవుతోంది సార్."

"ఇదే ముక్క రేపు రాయి," అని వార్డెన్ దుప్పటి లాగారు. కెటిల్ పట్టుకుని ఎత్తేసరికి మూత ఊడి, మరిగిన నీళ్లన్నీ కింద పరిచిన కాగితాల మీద ఒలికాయి. ఆయన ఖాళీ కెటిల్‌ను చంకలో పెట్టుకుని, పరీక్షలయ్యాక వచ్చి తీసుకోండని చెప్పి వెళ్లిపోయారు.

మూడింటికి పాఠాలు చెప్పుకోవడానికి కూర్చున్నప్పుడు, తేజ తన యూనిట్ చివరి వాక్యం చదివాడు: రాంకిన్ చక్రం గురించి తర్వాతి అధ్యాయంలో చూడవచ్చు.

"తర్వాతి అధ్యాయం ఎవరిది?"

నలుగురి చూపులూ మెల్లగా టేబుల్ మీదికి మళ్లాయి. అక్కడ అయిదో యూనిట్, నడుమ కెటిల్ అడుగు గుండ్రంగా అచ్చు పడి, పెసరట్టులా ఉబ్బి ఉంది.

ఎవరూ ఎవరినీ తిట్టలేదు. బట్టలారేసే నైలాన్ తాడును ఫ్యాను కిందికి జరిపి, ఇరవై రెండు పేజీలనూ ఒక్కొక్కటిగా విడదీసి క్లిప్పులతో వేలాడదీశారు. ఒక పేజీ అంచును రెండు వేళ్లతో పట్టి చూసి, "డ్రైనెస్ ఫ్రాక్షన్ 0.4 ఉంటుంది," అన్నాడు తేజ. ఆవిరి ధర్మాల్లో అతడికి ఆ రాత్రి పూర్తిగా అర్థమైన మాట అదొక్కటే, అందుకే ఎంతో గౌరవంగా పలికాడు.

ఫ్యాను గాలికి పేజీలు ఊగుతుంటే వరస తెలియడం లేదు. టర్బైన్ బొమ్మ పక్కన కండెన్సర్ ఉండాల్సిన చోట పంపు వచ్చింది. నలుగురూ మెడలెత్తి, ఒక్క తాడు కింద వరుసగా నిలబడి, ఎవరి ముందున్న పేజీ వారు బిగ్గరగా చదవసాగారు. కింద మెస్‌లో ఇడ్లీ పాత్ర మూత పడిన చప్పుడు వినిపించేసరికి, రాంబాబు పంపు పేజీని విప్పి కండెన్సర్ తర్వాత క్లిప్పు పెట్టాడు.