శనివారం భోజనానికి, మాటలకి ధన్యవాదాలు

శ్రీనివాసరావు గారికి,

నమస్కారమండీ. శనివారం రాయగడ ఆఫీసులో మీ అందరితో కలిసి భోంచేయడం చాలా సంతోషంగా అనిపించింది. టీమ్‌తో పరిచయమే అని మీరు ముందే చెప్పినా, వచ్చేటప్పుడు కొంచెం టెన్షన్‌గానే ఉంది. సీత గారు దాల్మా వడ్డిస్తూ "ముందు తినమ్మా, ఉద్యోగం సంగతి తర్వాత" అనేసరికి అది కాస్తా పోయింది. ఆవిడ చోడంబలికి ప్రత్యేకంగా నా ధన్యవాదాలు చెప్పండి.

నాకు బాగా గుర్తుండిపోయింది తేమ మీటరు మీద జరిగిన చర్చ. కాశీపూర్ వైపు నుంచి ఆటో కిరాయి పెట్టుకుని చోళ్లు తెచ్చిన రైతుని, తేమ ఎక్కువ ఉందని తిప్పి పంపితే రానూ పోనూ కిరాయి ఆయన నెత్తినే పడుతుంది. కొనుగోలు సెంటర్లోనే టార్పాలిన్ మీద ఆరబెట్టి సాయంత్రం కాంటా వేద్దామని ప్రమోద్ గారు అన్నారు. మరి అప్పటిదాకా సరుకు బాధ్యత ఎవరిదని ఇంకొకరు అడిగారు. అందరూ చెప్పాకే మీరు మాట్లాడారు. ఇలాంటి చోట పనిచేయాలని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

ఆ చర్చలో నేను సగంలో ఆపిన మాట ఒకటుంది. రైతుకిచ్చే తూకం చీటీలో బరువు, తేమ, గోనెసంచి తరుగు మూడూ విడివిడిగా రాసి, అక్కడికక్కడే చదివి వినిపిస్తే బాగుంటుంది. 2024-25 సీజన్‌లో చోళ్ల మద్దతు ధర క్వింటాలుకి 4,290 రూపాయలు ఉండేది. ఆ లెక్కన తరుగు పేరుతో ఒక్క కిలో ఎక్కువ కోసినా దాదాపు 43 రూపాయలు పోయినట్టే. గుణుపురంలో ఎరువుల కొట్టు లెక్కలు చూసినప్పుడు గమనించాను, చీటీ అర్థమైన రైతు మళ్లీ మన దగ్గరికే వస్తాడు.

కువి భాష గురించి అడిగారు కదా. ఒడియా, తెలుగు రెండూ రాయగలను, మాట్లాడగలను. కువి మాత్రం వింటే కొంత తెలుస్తుంది, మాట్లాడటం ఇంకా రాదు. నేర్పిస్తానని ప్రమోద్ గారు అన్నారు, నేను సిద్ధంగా ఉన్నాను. ఫీల్డుకి స్కూటీ మీద తిరగడం నాకు అలవాటే.

మీరడిగిన డిగ్రీ సర్టిఫికెట్, పాత ఉద్యోగం తాలూకు లెటర్ దీనితో జతచేశాను. ఇప్పుడున్న చోట నెల ముందు చెప్పి మానేయాలి. అందుకని మీ నిర్ణయం తెలిశాక ఆ మేరకు వ్యవధి ఇస్తే చాలు. ఇంకేమైనా కావాలంటే ఫోన్ చేయండి, సాయంత్రం ఆరు దాటాక తీరిగ్గా మాట్లాడగలను.

సీత గారికి, ప్రమోద్ గారికి, మిగతా అందరికీ నా నమస్కారాలు తెలియజేయగలరు.

ఇట్లు,
సుజాత
గుణుపురం