సెమినార్ పత్రంపై వచ్చిన గ్రంథచౌర్యం ఆరోపణకు వివరణ

తేదీ: 18-11-2024

క్రమశిక్షణ సంఘం అధ్యక్షులకు, సభ్యులకు
నమస్కారాలు.

వ్యావహారిక భాషావాదం మీద నేను సమర్పించిన సెమినార్ పత్రంలో, నాలుగో పేజీలోని ఒక పేరాను ఇటీవలి వ్యాసం నుంచి ఎత్తి రాశానని నాకు నోటీసు అందింది. ఆ పేరా నా సొంతం కాదు, నిజమే. కానీ ఆ వ్యాసకర్తదీ కాదు. అవి గిడుగు రామమూర్తి గారి మాటలు. ఆయన 1919లో మొదలుపెట్టిన ‘తెలుగు’ పత్రిక నుంచి ఆ వ్యాసకర్తా తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను.

పత్రాన్ని నేను యూనికోడ్‌లో టైపు చేశాను. సెమినార్ సంచిక కోసం అను ఫాంట్‌లో ఇమ్మన్నారు కాబట్టి డీటీపీ సెంటర్‌లో మార్పించాను. ఆ మార్పులో ఉటంకింపు గుర్తులు, పేరా చివర ఉండాల్సిన 9వ సూచిక అంకె ఎగిరిపోయాయి. ప్రింటు తీసుకున్నాక అక్షరదోషాలు చూసుకున్నాను గానీ సూచికలు చూసుకోలేదు. ఈ పొరపాటుకు బాధ్యత నాదే.

అయితే మీ దగ్గరున్న ప్రతిలోనే ఒకసారి చూడండి. నాలుగో పేజీలో 8 తర్వాత నేరుగా 10 వస్తుంది. చివరి పేజీలో మాత్రం 9వ సూచిక అలాగే ఉంది: గిడుగు పేరు, ‘తెలుగు’ పత్రిక, పుట సంఖ్యతో సహా. పేరాకు ముందున్న వాక్యం ‘గిడుగు ఇలా అంటారు’ అని ముగుస్తుంది. ఎక్కడిదో దాచాలనుకున్నవాళ్లు ముందు పేరు చెప్పి, వెనక పుట సంఖ్య ఇవ్వరు కదా.

ఇంకో సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. ఆ వ్యాసంలో ఉటంకింపు మధ్య చుక్కలు పెట్టి ఒక వాక్యం వదిలేశారు. నా పత్రంలో ఆ వాక్యం ఉంది. వ్యాసం చూసి రాసి ఉంటే అది నాకు దొరికేదే కాదు. లైబ్రరీలో మూల సంచిక చూసి రాసుకున్న నోట్సు, ఆ పుట జిరాక్సు, మా గైడు గారికి మెయిల్ చేసిన యూనికోడ్ ప్రతి జతపరుస్తున్నాను. ఆ ప్రతిలో ఉటంకింపు గుర్తులూ ఉన్నాయి, 9వ అంకే ఉంది. మెయిల్ తేదీ నోటీసు కంటే ముందుది.

మూలాన్ని పేర్కొన్న ఉటంకింపులను పోలిక లెక్కలోంచి మినహాయించాలని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. నాది సూచిక లోపమే గాని చౌర్యం కాదని నమ్ముతున్నాను. గిడుగు గారిని చదవడం కోసమే ఈ విషయం ఎంచుకున్నాను. ఆయన మాటలనే దొంగిలించానన్న మాట నన్ను చాలా బాధపెట్టింది.

సరిదిద్దిన ప్రతిని సమర్పించడానికి అనుమతి ఇవ్వాలని, గ్రంథచౌర్యం అన్న వ్యాఖ్యను నా రికార్డులో చేర్చవద్దని కోరుతున్నాను. మీరు పిలిస్తే ఆ సంచికతో సహా స్వయంగా హాజరై చూపిస్తాను.

ఇట్లు
తమ విధేయురాలు
వి. లావణ్య
ఎం.ఏ. తెలుగు, మూడో సెమిస్టర్

జతపరిచినవి: చేతిరాత నోట్సు, మూల పుట జిరాక్సు, గైడు గారికి పంపిన మెయిల్ ప్రింటు, యూనికోడ్ ప్రతి