కాలిక్యులస్‌కు ఒక్క వారం: సోమవారం నుంచి ఆదివారం దాకా

సీబీఎస్ఈ పన్నెండో తరగతి లెక్కల పేపర్ 80 మార్కుల్లో కాలిక్యులస్‌వే 35. అందుకే ఈ వారం వెక్టర్లు, మాట్రిసెస్ పక్కన పెట్టేయమ్మా. తెల్లవారి 4:30 నుంచి 6:30 దాకా కొత్త లెక్కలు, రాత్రి గంటన్నర తప్పినవి మళ్లీ. గార్లదిన్నె నుంచి అనంతపురం వచ్చే బస్సులో సూత్రాలు వల్లెవేసుకో, లెక్క మాత్రం కాగితం మీదే చెయ్యి.

సోమవారం: కంటిన్యుటీ, డిఫరెన్షియేషన్. చైన్ రూల్ లెక్కలు 15. sin(x²)కి 2x·cos(x²) రావాలి, లోపలి 2xను వదిలేస్తే మార్కు పోతుంది. xˣకు పవర్ రూల్ వాడకు, ముందు రెండు వైపులా లాగ్ తీసుకో: xˣ(1 + log x).

మంగళవారం: మాక్సిమా, మినిమా. క్లోజ్డ్ ఇంటర్వెల్ ఇస్తే చివర్లు కూడా చూడాలి. [0, 3]లో x³ − 3x తీసుకో. f′ = 0 అయ్యేది x = 1 దగ్గర, అక్కడ విలువ −2. గరిష్ఠం 18 మాత్రం x = 3 దగ్గరుంది.

బుధ, గురువారాలు రెండూ ఇంటిగ్రేషన్‌కే. నువ్వు వెనకబడింది ఇక్కడే. సూత్రాలు రాకపోవడం వల్ల కాదు, ఏ పద్ధతి పట్టుకోవాలో తేల్చుకోకుండానే లెక్క మొదలుపెడుతున్నావు. కాబట్టి బుధవారం మొదటి అరగంట ఏదీ సాధించొద్దు. 30 లెక్కలు చూసి పక్కన పద్ధతి పేరు మాత్రం రాయి: సబ్‌స్టిట్యూషన్, పార్షియల్ ఫ్రాక్షన్స్, బై పార్ట్స్. ఆ తర్వాత సబ్‌స్టిట్యూషన్ లెక్కలు చెయ్యి. గురువారం మిగతా రెండూ. x²/(x² − 1)లో పైన, కింద డిగ్రీ ఒకటే, ముందు భాగించి 1 + 1/(x² − 1) చేసుకోకపోతే పార్షియల్ ఫ్రాక్షన్స్ కుదరవు. ∫eˣ(1/x − 1/x²)dx కనిపిస్తే బై పార్ట్స్‌తో కుస్తీ వద్దు, అది f + f′ రూపం. జవాబు eˣ/x + C. ఆ C ప్రతిసారీ రాయాలి.

శుక్రవారం: డెఫినిట్ ఇంటిగ్రల్స్. t పెట్టగానే లిమిట్లూ మార్చు. ∫₀¹ 2x/(1 + x²)dxలో t = 1 + x² అంటే లిమిట్లు 1, 2 అవుతాయి, విలువ log 2. పాత లిమిట్లే ఉంచేస్తే log 0 వచ్చి అక్కడే ఆగిపోతావు.

శనివారం పొద్దున వైశాల్యాలు. బొమ్మ గీయకుండా మొదలుపెట్టకు: 0 నుంచి 2π దాకా sin xను నేరుగా ఇంటిగ్రేట్ చేస్తే 0 వస్తుంది, అసలు వైశాల్యం 4. రాత్రి డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. x·dy/dx + y = x³ను ముందు xతో భాగించు. అప్పుడే P = 1/x, ఇంటిగ్రేటింగ్ ఫాక్టర్ x, జవాబు xy = x⁴/4 + C. భాగించకపోతే ఫాక్టర్ eˣ అనుకుని లెక్కంతా దారి తప్పుతుంది.

ఆదివారం పొద్దున గంటన్నరలో కాలిక్యులస్ మాత్రమే 35 మార్కులకు రాయి, ఫోన్ అమ్మ దగ్గరుంచు. మధ్యాహ్నం దిద్దుకుని, తప్పు పోయిన ప్రతి లెక్కనూ జవాబు చూడకుండా మళ్లీ చెయ్యి. ఆ పేపర్, రఫ్ కాగితాలు సోమవారం స్కూలుకు తీసుకురా.