మతం–రాజకీయాలు పేపర్‌కి ఆనోటేటెడ్ బిబ్లియోగ్రఫీ: సర్టిఫికెట్‌లో మతం, గుడిలో ప్రభుత్వం

ఎంఏ పొలిటికల్ సైన్స్ రెండో ఏడాది. మేడం గారు ఒక్కో ఎంట్రీకి వంద మాటలు చాలన్నారు గానీ కొన్నిటికి ఎక్కువ రాశాను, కొన్నిటికి రెండు ముక్కల్లో వదిలేశాను, ఎందుకంటే నా ప్రశ్నకి అన్నీ ఒకేలా పనికిరాలేదు. ప్రశ్న ఏంటంటే, కోనసీమలో ఒక మనిషి మతం ఏంటో చివరికి తేల్చేది ఎవరు? మాది రాజోలు పక్క. అమ్మమ్మ ఆదివారం చర్చికి వెళ్తుంది, నాన్న వైపు వాళ్లు భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వెళ్తారు, రెండూ మా ఇంట్లో ఎప్పుడూ గొడవ కాలేదు, గొడవల్లా అప్లికేషన్ ఫారంలో మతం అన్న గడి దగ్గరే. సెక్యులరిజం మీద పుస్తకాలు ఎక్కువగా ప్రభుత్వం మతానికి ఎంత దూరంలో ఉండాలి అని అడుగుతాయి, ఇక్కడ చూస్తే ప్రభుత్వమే ఎవరిది ఏ మతమో కాగితం మీద రాస్తోంది, గుడి హుండీ కూడా లెక్కపెడుతోంది. అందుకే ఈ జాబితాని సిద్ధాంతంతో కాకుండా కాగితాలతో మొదలుపెట్టాను.

మొదటిది పుస్తకం కాదు, 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, అందులో మూడో పేరా. హిందూ మతం కాకుండా వేరే మతం పాటించేవాళ్లని షెడ్యూల్డ్ కులం వాళ్లుగా లెక్కించరు అని అప్పుడు రాశారు, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లని బీసీ–సీ లో పెట్టారు, ఒక్క శాతం రిజర్వేషన్. ఉత్తర్వు చదవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు, కానీ డెల్టాలో దళిత పేటల గురించి ఏం రాయాలన్నా ఈ పేరా దాటి వెళ్లలేం. ఎస్సీ రిజర్వుడు సీటులో నామినేషన్ వేసినవాళ్ల మీద ఇతను చర్చికి వెళ్తాడు అని కేసు పడుతుంది చూడండి, దానికి మూలం ఇదే. మేడం గారు ముందు థియరీ పెట్టమంటారని తెలుసు, అయినా నేను దీన్నే ముందు పెడతాను.

దీంతో పాటే చదవాల్సింది సూసై కేసు తీర్పు, సుప్రీంకోర్టు, 1985. మద్రాసులో చెప్పులు కుట్టుకునే ఒక ఆది ద్రావిడ క్రైస్తవుడికి ప్రభుత్వం పథకం కింద ఇచ్చే బంకు రాలేదు, హిందువులైన వాళ్లకి వచ్చింది. మతం మారాక కూడా కులం వల్ల పడే కష్టం అంతే తీవ్రంగా ఉందని చూపించాలి, ఆ ఆధారాలు మా ముందు లేవు అని కోర్టు పిటిషన్ కొట్టేసింది. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించింది ఆధారం అన్న మాట. చర్చిలో వేరే వరసలో కూర్చోవడం, శ్మశానంలో వేరే మూల, ఇవి ఉన్నాయని అందరికీ తెలుసు, కోర్టుకి కావాల్సిన రూపంలో ఎవరు రాసి పెట్టారు? ఫీల్డ్‌వర్క్ చెయ్యాలనుకునేవాళ్లు ఇక్కడి నుంచే ప్రశ్న తీసుకోవచ్చు.

రాజ్యాంగ సభ చర్చల్లో 1948 డిసెంబర్ 6 నాటివి తప్పకుండా చదవాలి. ఇప్పటి 25వ అధికరణం మీద, అందులో ప్రచారం చేసుకునే హక్కు అన్న మాట ఉండాలా వద్దా అన్నదాని మీద వాదన. లోకనాథ్ మిశ్రా వద్దే వద్దన్నాడు, టీటీ కృష్ణమాచారి, మున్షీ లాంటివాళ్లు ఉండాలన్నారు, మాట ఉండిపోయింది. కానీ 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం అంటే ఇంకొకర్ని మతం మార్చే హక్కు కాదు అంది. చర్చా తీర్పూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకే మాట ముప్పై ఏళ్లలో ఎంత చిక్కిపోయిందో తెలుస్తుంది. చర్చలు ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయి, సారాంశాలు చదవొద్దు, అసలుదే చదవండి, ఎవరు ఏ స్వరంతో మాట్లాడారో సారాంశంలో రాదు.

అంబేద్కర్ 'కుల నిర్మూలన', 1936. లాహోర్‌లో జాత్–పాత్ తోడక్ మండల్ సభకి రాసిన ప్రసంగం, వాళ్లు సభే రద్దు చేసుకుంటే ఆయన సొంత ఖర్చుతో అచ్చేసుకున్నాడు. గాంధీ 'హరిజన్'లో విమర్శ రాస్తే దానికి జవాబు 1937 కూర్పులో చేర్చాడు, కాబట్టి జవాబుతో ఉన్న కూర్పే తీసుకోండి. మన క్లాసులో చాలామంది దీన్ని కులం పుస్తకంగానే చదివారు. నేను మతం పుస్తకంగా చదివాను: శాస్త్రాల అధికారం కూలకుండా కులం కూలదు అనే వాదన రాజకీయ వాదన, ఎందుకంటే అధికారం ఎక్కడ ఉందో చూపిస్తోంది. ఇరవై ఏళ్ల తర్వాత 1956లో నాగపూర్‌లో ఆయన బౌద్ధం తీసుకున్నాడు, ఆ దారి ఇందులోనే కనిపిస్తుంది. పైన చెప్పిన మూడో పేరాలో బౌద్ధుల్ని చేర్చింది అది జరిగిన ముప్పై నాలుగేళ్లకి.

రూపా విశ్వనాథ్ 'ద పరయ్యా ప్రాబ్లమ్', 2014. ఈ జాబితాలో నేను రెండుసార్లు చదివిన పుస్తకం ఇదొక్కటే. మద్రాసు ప్రెసిడెన్సీలో తమిళ ప్రాంతం మీద. దళితులు పొలాల్లో కట్టుబానిసలుగా ఉన్న స్థితిని మిషనరీలూ ప్రభుత్వమూ కలిసి మతానికీ ఆచారానికీ సంబంధించిన విషయంగా ఎలా మార్చారో చూపిస్తుంది. ఆచారం అయిపోయాక ప్రభుత్వం, మేం మతంలో వేలు పెట్టం అని తప్పుకోవచ్చు కదా, భూమి అడిగే ప్రశ్న పక్కకి పోతుంది. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో రాసిన నోట్ మీద చర్చ చాలా బాగుంటుంది. పరిమితి ఏంటంటే తెలుగు జిల్లాలు ఇందులో లేవు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక మన దగ్గర భూమి విలువే మారిపోయింది, కాలవ కింద మాగాణి ఉన్నచోట పాలేరుతనం చెంగల్పట్టులో లాగే నడిచిందా లేదా అన్నది ఈ పుస్తకం నుంచి ఎత్తుకొచ్చి అంటించకూడదు. ప్రశ్న అరువు తెచ్చుకోవచ్చు, జవాబు మాత్రం ఇక్కడే వెతుక్కోవాలి.

వెతకడానికి గెజిటీర్లు. హెన్రీ మోరిస్ గోదావరి జిల్లా మీద రాసిన పుస్తకం 1878, హెమింగ్‌వే గెజిటీర్ 1907. అందరూ రెండోదే తీస్తారు. కానీ 1904లో నరసాపురం, భీమవరం, తణుకు తాలూకాల్ని కృష్ణా జిల్లాలో కలిపేశారు, అందుకని పశ్చిమ డెల్టా మీద పని చేసేవాళ్లకి మోరిస్ కూడా కావాలి. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు బ్రదరెన్ మిషనరీలు వచ్చి నరసాపురం, పాలకొల్లు వైపు మొదలుపెట్టిన మిషన్ గురించి పని చేసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. రెండూ దొరల కళ్లతో రాసినవే, కులాల గురించి రాసిన వాక్యాలు కొన్ని చదువుతుంటే కోపం వస్తుంది. కోట్ చేసేటప్పుడు ఎవరు ఎవరికోసం రాశారో ఒక వాక్యం చేర్చండి.

తెలుగులో మూలాలు లేకుండా ఈ పేపర్ రాయడం నాకు ఇష్టం లేదు. రాజమండ్రి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనము', 1921. గరిమెళ్ల 'మాకొద్దీ తెల్లదొరతనము' ఊరూరా పాడుతున్న రోజుల్లో, తెల్లదొర పోతే మా మీద ఉన్న దొర పోతాడా అని దళితుడి వైపు నుంచి అడిగిన గొంతు. మన ఊరి పక్కన మనిషి, మన భాష, స్వరాజ్యం అనే మాటని లోపల్నుంచి పట్టుకుని అడిగాడు, అయినా మన సిలబస్‌లో లేడు. సిలబస్‌లో చేర్చమని మేడం గారిని అడుగుతున్నాను. కందుకూరి 'స్వీయచరిత్రము' కూడా తీసుకున్నాను, 1881 డిసెంబర్‌లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేసినప్పుడు వెలి అన్నది ఎలా పని చేసిందో ఆయన మాటల్లో ఉంది. వెలి కూడా ఒక ప్రభుత్వమే అనిపించింది నాకు, పోలీసు లేడు గానీ శిక్ష ఉంది.

ఇక గుడి వైపు. ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం, 1987లో 30వ చట్టం. అయినవిల్లి, వాడపల్లి, అంతర్వేది, ఎక్కడికెళ్లినా ఈఓ ఆఫీసు బోర్డు ఉంటుంది కదా, ఆ ఈఓకి అధికారం ఇచ్చేది ఈ చట్టమే. 16వ సెక్షన్ వంశపారంపర్య ధర్మకర్తల హక్కు, 34వ సెక్షన్ అర్చకుల వారసత్వ హక్కు తీసేశాయి. 1996లో నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది: పూజ చెయ్యడం మతం, పూజారిని నియమించడం మతం కాదు. ఆ గీత ఎక్కడ గియ్యాలన్నది 1954 శీరూరు మఠం కేసు నుంచీ నడుస్తున్న తగాదా. తీర్పు పొడవు, భాష బరువు, అయినా ప్రభుత్వం చేతిలో గుడి ఉండటం సెక్యులరిజమా కాదా అని టీవీల్లో అరిచే అరుపుల కంటే ఇది వందరెట్లు స్పష్టం. దీనికి తోడు అప్పాదురై 1981 పుస్తకం, మద్రాసు ట్రిప్లికేన్ పార్థసారథి స్వామి గుడి మీద. గుడి తగాదాలు కోర్టుకి ఎక్కడం వల్లే గుడి మీద కొత్త అధికారాలు ఎలా పుట్టాయో చెప్తుంది. ప్రెస్లర్ 1987 పుస్తకం దేవాదాయ శాఖ రోజువారీ పనితీరు మీద, అది కూడా తమిళనాడే. గుడి మాన్యాల కౌలు వేలం చూసినవాళ్లకి ప్రెస్లర్ సులువుగా ఎక్కుతాడు.

థియరీ మూడు చాలు. కాసనోవా 1994: సెక్యులరైజేషన్ అంటే మూడు వేరువేరు విషయాలు, రంగాలు విడిపోవడం, నమ్మకం తగ్గడం, మతం ఇంటికి పరిమితం కావడం, మూడూ కలిసే జరగాలని లేదు. మనకి మొదటిదే సరిగ్గా జరగలేదు. రాజీవ్ భార్గవ 1998 సంకలనం: టీఎన్ మదన్, ఆశిష్ నంది, అందరూ ఒకేచోట ఉన్నారు, లైబ్రరీలో ఒక్కటే తీసుకోగలిగితే ఇది తీసుకోండి. తలాల్ అసద్ 2003: కష్టం, మొదటి అధ్యాయం మూడుసార్లు పట్టింది, కానీ ఇది మతం, ఇది కాదు అని చెప్పే అధికారమే అసలు రాజకీయం అన్న ఆలోచన నా ప్రశ్నకి సరిగ్గా సరిపోయింది. హిందూ జాతీయవాద ఉద్యమం మీద జాఫ్రెలో రాసింది మంచి పుస్తకమే, పక్కన పెట్టాను, అది ఉద్యమ చరిత్ర, నాది కాగితాల చరిత్ర.

చివరగా జాగ్రత్తగా వాడాల్సినవి రెండు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.34 శాతం. ఈ అంకెని జనం నమ్మకానికి లెక్కగా వాడొద్దు, మూడో పేరా ఉన్నంతకాలం ఆ గడిలో ఏం చెప్పాలో ఇంటి అవసరం నిర్ణయిస్తుంది, కాబట్టి అది ఉత్తర్వు పని తీరుకి ఆధారం. రెండోది 2020 సెప్టెంబర్‌లో అంతర్వేది రథం కాలిపోయినప్పటి వార్తలు, తర్వాత ప్రభుత్వం సీబీఐ విచారణకి ఆదేశించింది. ఒక్క పేపరే చదివితే ఆ పేపర్ వాదనే మన వాదన అయిపోతుంది, అందుకని రెండు మూడు పేపర్ల జిల్లా ఎడిషన్లు తేదీల వారీగా పక్కపక్కన పెట్టుకుని, మొదటి రోజు వార్తలో ఏముంది, నాయకులు వచ్చి వెళ్లాక ఏ మాటలు చేరాయి అని గుర్తు పెట్టుకుంటూ చదివాను. నా దగ్గర ఆ వారం కటింగులు ఫైల్ కట్టి ఉన్నాయి, కావాల్సినవాళ్లు శుక్రవారం క్లాసుకి ముందు అడిగితే జిరాక్స్ తీయించుకోవచ్చు.