రోజుకో మంచి మాట: 2027 ప్రణాళిక

మన క్యాలెండర్ యాప్‌లో పంచాంగం కింద రోజుకో మంచి మాట చూపించాలని ఒప్పుకున్నాం. 2027 జనవరి 1, శుక్రవారం మొదటిది కనిపించాలి. డిజైన్, ఆండ్రాయిడ్, ఐఫోన్, కంటెంట్ పని చేసేవాళ్లంతా ఈ కాగితం ఒకసారి చదివితే మళ్లీ మళ్లీ మీటింగులు పెట్టుకోనక్కర్లేదు.

ముందుగా తేల్చేయాల్సిన విషయం: ఫోన్‌లో ఏ రోజుకారోజు ర్యాండమ్‌గా తీసే పద్ధతి వద్దు. 365 మాటలు పెట్టి రోజూ చీటీ తీసినట్టు తీస్తే, 23వ రోజుకే ఏదో ఒకటి రెండోసారి వచ్చే అవకాశం సగానికి పైగా ఉంటుంది. ఏడాది చివరికి లెక్క చూస్తే సుమారు 134 మాటలు ఒక్కసారి కూడా బయటికి రావు. కష్టపడి ఏరిన వాటిలో మూడో వంతుకు పైగా పెట్టెలోనే ఉండిపోతాయన్నమాట. వాడేవాళ్లకు మాత్రం "ఇది మొన్నే చూశాంగా" అనిపిస్తుంది.

ఒక్కో ఫోన్‌కు ఒక్కో వరస కలిపి ఇచ్చే దారి కూడా ఉంది. దానివల్ల రిపీట్ సమస్య తీరుతుంది కానీ, నాకు అదీ ఇష్టం లేదు. గుంటూరులో అమ్మ, హైదరాబాద్‌లో కూతురు ఒకే రోజు ఒకే మాట చూడాలి. ఫ్యామిలీ గ్రూపులో దాని మీద మాట నడిచేది అప్పుడే. కాబట్టి ఏడాది వరస మొత్తం మనమే ముందు కూర్చుని వేసి, తేదీ ప్రకారం యాప్‌లో పెట్టేస్తాం. ఒక చిన్న ఫైల్ చాలు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

లెక్క ఇది. పండగలు, జయంతుల లాంటి ఖరారు రోజులు 29. మిగిలిన 336 రోజులు ఏడు అంశాలకు: మాట-నడత 60, పని-కష్టం 56, బంధాలు-స్నేహం 52, చదువు 48, డబ్బు-పొదుపు 40, ప్రకృతి-సేద్యం 40, నవ్వు 40. అన్నీ సమానంగా ఎందుకు పంచలేదంటే, మనకు దొరికే సరుకు అలా లేదు. శతకాల్లో ఏ పేజీ తిప్పినా నడత గురించే. నవ్వుకు 40 దాటితే నాసిరకం దూరిపోతుంది.

అంశాలు ఏడు, వారానికి రోజులు ఏడు కదా, సోమవారం పని, మంగళవారం చదువు అని కట్టేద్దామని ఎవరికైనా అనిపించవచ్చు. వద్దు. యాప్‌ను ఆదివారం మాత్రమే తెరిచేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకు ఏడాదంతా ఒకే అంశం కనిపిస్తుంది. అందుకే నియమం రెండు వైపులా పెడుతున్నాం: ఒక అంశం మళ్లీ రావాలంటే మధ్యలో కనీసం రెండు రోజులు వేరేవి ఉండాలి, వరుసగా రెండు వారాలు ఒకే వారం రోజున ఒకే అంశం పడకూడదు.

ఆ 336లోనే రూపం ప్రకారం ఇంకో లెక్క ఉంది: సామెతలు 130, వేమన 40, సుమతి శతకం 28, మిగిలిన 138 వచనం, కీర్తన పంక్తులు, ఉపన్యాసాల్లోంచి తీసినవి. వేమన తర్వాత వేమన రావాలంటే వారం గడవాలి. సామెత మీద సామెత వరుసగా రెండు రోజులు వద్దు. ఆడవాళ్లు రాసినవి ఆ 138లో కనీసం 30 ఉండాలి. మొల్ల, తాళ్ళపాక తిమ్మక్క, తరిగొండ వెంగమాంబ, బండారు అచ్చమాంబ ఉన్నారు కాబట్టి దొరకవనే సాకు చెల్లదు. వెతకడానికి టైమ్ పడుతుంది, అంతే.

ఇక అసలు తలనొప్పి. రిపీట్ అంటే అక్షరాలా అదే వాక్యం రావడం ఒక్కటే కాదు.

మొదటి రకం తేలికైనది: ఒకే పద్యం రెండు చోట్ల నుంచి వచ్చి, కంప్యూటర్‌కు రెండుగా కనబడటం. వేమన పద్యాలకు పాఠాంతరాలు ఎక్కువ. 1829లో బ్రౌన్ అచ్చు వేయించిన నాటి నుంచి ఎన్ని సంకలనాలు వచ్చాయో, అన్ని తేడాలు. ఒకదాంట్లో అరసున్న ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. దానికి తోడు టైపింగ్ తేడాలు. "ై" గుణింతాన్ని ఒకే అక్షరంగానూ దాచవచ్చు, ఎత్వానికి కింది గుర్తు కలిపి రెండుగానూ దాచవచ్చు. స్క్రీన్ మీద తేడా తెలియదు. పొల్లు తర్వాత కనబడకుండా కూర్చునే U+200C సంగతి మీకు తెలిసిందే. కాబట్టి పోల్చే ముందు ప్రతి మాటనూ దీని గుండా పంపాలి:

```python
import re, unicodedata

def mudra(s):
    s = unicodedata.normalize("NFC", s).replace("ఁ", "")
    return re.sub(r"[^\u0C00-\u0C7F]", "", s)
```

ఖాళీలు, కామాలు, కనబడని గుర్తులు అన్నీ పోయి తెలుగు అక్షరాలే మిగులుతాయి. రెండు ముద్రలు ఒకటైతే ఒకటి తీసేయడమే. పాఠమే మారిన పద్యాలు దీనికి దొరకవు. వాటికి మకుటం తీసేసి మిగిలిన పాదాలను విడివిడిగా పోల్చాలి. మకుటం ఉంచితే వేమన పద్యాలన్నీ ఒకదానికొకటి దగ్గరగానే కనిపిస్తాయి.

రెండో రకం భావం రిపీట్. "చెరపకురా చెడేవు" అన్న మూడో రోజు "ఎవరు తీసిన గోతిలో వారే పడతారు" వస్తే అక్షరం కలవకపోయినా చదివేవాడికి అదే మాట. దీన్ని స్క్రిప్టు పట్టలేదు. ప్రతి మాటకూ మనిషే చదివి ఒక భావం ట్యాగ్ ఇవ్వాలి, "చెడు తిరిగొస్తుంది", "నోరు అదుపు", "ఆలస్యం వద్దు" లాంటివి. ఒక ట్యాగ్ ఏడాదిలో నాలుగు సార్లు మించకూడదు, రెండింటి మధ్య 60 రోజులు ఉండాలి. అంశాల లెక్క కంటే నాకు ఈ ట్యాగుల లెక్క ముఖ్యం. టైమ్ తక్కువై రెంటిలో ఒకటి వదలాల్సి వస్తే అంశాల లెక్కే వదులుదాం.

మూడోది నవ్వులాటలా ఉంటుంది గానీ జరుగుతుంది. సోమవారం "ఆలస్యం అమృతం విషం" అని, మంగళవారం "నిదానమే ప్రధానం" అంటే యాప్ తన మాట తనే కొట్టేసుకున్నట్టు. ఇలాంటి ఎదురు జతలను షీటులో "ఎదురు" కాలమ్‌లో రాయండి. వాటి మధ్య కనీసం 14 రోజులు.

సేద్యం సామెతలకు కాలం తప్పకూడదు. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అన్నది డిసెంబరులో చూపిస్తే పరువు పోతుంది. కార్తెలు సూర్యుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలు: రోహిణి మే చివరి వారంలో, ఆరుద్ర జూన్ మూడో వారం దాటాక. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు" అక్కడే పడాలి. వీటికి తేదీ కాకుండా, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు వరకు అని కిటికీ ఇస్తే వరస వేసే స్క్రిప్టుకు ఊపిరాడుతుంది.

పండగలు అలా కాదు, తిథిని బట్టి కదులుతాయి. 2026లో ఉగాది మార్చి 19, 2027లో ఏప్రిల్ 7. మధ్యలో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఆ తెలుగు ఏడాదికి 384 రోజులు. "తెలుగు సంవత్సరం ప్రకారమే నడుపుదాం" అన్న సూచన ముచ్చటగానే ఉంది, కానీ ఒక ఏడు 354, ఇంకో ఏడు 384 రోజులంటే కోటాలన్నీ తారుమారవుతాయి. వరస ఇంగ్లీషు తేదీలకే కడదాం, పండగలను ఏటా చేత్తో పెడదాం. రంజాన్ నెలవంకను బట్టి కాబట్టి రెండు తేదీలకూ మాట సిద్ధంగా ఉంచి, ముందురోజు రాత్రి సర్వర్ నుంచి ఖరారు చేయాలి. రోజు మారడం ఫోన్ గడియారాన్ని బట్టే. డాలస్‌లో ఉన్నవాళ్లకు వాళ్ల అర్ధరాత్రికి మారుతుంది. అమెరికాలో కొన్నిసార్లు పండగ ఒకరోజు ముందే వస్తుంది. పంచాంగం విభాగం ఊరిని బట్టి ఎలాగూ లెక్కిస్తోంది కాబట్టి తిథి పండగల తేదీ అక్కడి నుంచే తీసుకోండి. పండగ మాట, దాని పక్కరోజు మాట తారుమారైతే చాలు.

హక్కుల విషయం. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు కాపీరైట్. 2027 జనవరి 1 నాటికి, 1966 లోపు పోయినవాళ్లు బతికుండగా అచ్చయిన రచనలు మనం స్వేచ్ఛగా వాడొచ్చు. గురజాడ (1915), కందుకూరి (1919), గిడుగు (1940) సరే. జాషువా 1971లో పోయారు కాబట్టి 2031 చివరిదాకా, శ్రీశ్రీ 1983 కాబట్టి 2043 చివరిదాకా ఆగాలి. చిన్న ఉటంకింపుకు చట్టంలో కొంత వెసులుబాటు ఉంది, నిజమే. కానీ ప్రకటనలు నడిచే యాప్‌లో దాని మీద ఆధారపడటం నాకు టెన్షన్. సెప్టెంబరు 9న కాళోజీ జయంతి, 28న జాషువా జయంతి. ఆ రోజుల్లో వాళ్ల పంక్తులు కాకుండా భాష మీద, సమానత్వం మీద పాత మాట పెడదాం, కింద జయంతి సంగతి ఒక వాక్యం. ఠాగూర్ మూలం మీద హక్కు తీరిపోయింది, తెలుగు అనువాదం మీద తీరకపోవచ్చు. అలాంటివి మనమే అనువదించుకోవాలి.

వాట్సాప్‌లో తిరిగే కలాం, బుద్ధుడు, వివేకానంద సూక్తులు ఒక్కటి కూడా వద్దు. పుస్తకం, పేజీ నంబరు లేని మాట షీటులోకే రాదు. "ప్రపంచంలో చూడాలనుకునే మార్పు నువ్వే కావాలి" అన్నది గాంధీ పేరుతో ఊరూరా తిరుగుతుంది, ఆ మాటల్లో ఆయన రచనల్లో దొరకదు. సామెతలకు పేజీ అక్కర్లేదు గానీ, కులాన్ని, ఆడవాళ్లను, అంగవైకల్యాన్ని తక్కువ చేసేవి ఎంత పాతవైనా పక్కన పెట్టండి. పాత సంపుటాల్లో ఇవి కుప్పలు. అనుమానం వస్తే తీసేయడమే, చర్చ అక్కర్లేదు.

365కు పైన 35 అదనంగా ఉంచుతాం. తుపాను రోజున "నవ్వు" సామెత పడకుండా మార్చాలి, ముఖ్యంగా అక్టోబరు, నవంబరుల్లో కోస్తా మీద కన్నేసి ఉండాలి. మార్చినప్పుడు వరస మొత్తాన్ని జరపొద్దు. ఆ రోజుది తీసి అదనపు పెట్టెలో వేయండి, అక్కడి నుంచి ఒకటి తెచ్చి పెట్టండి.

2028కి 366 కావాలి. అందులో 266 కొత్తవి, 100 పాతవి. పాతవి 2027 తొలి ఆరు నెలల్లో వచ్చినవాటిలోంచే, కనీసం 400 రోజుల తేడాతో. షేర్లు ఎక్కువ వచ్చినవే ఏరుకోవాలన్న ఆశ పుడుతుంది; అలా చేస్తే ఏడాది తిరిగేసరికి అంతా నవ్వు, అమ్మ ప్రేమ మాత్రమే మిగులుతాయి. షేర్ల లెక్క చూద్దాం, ఎంపికకు వాడొద్దు.

విడ్జెట్‌లో 90 అక్షరాలు దాటితే చిన్న ఫోన్లలో పట్టదు. పద్యమైతే అసలు పాదం ఒక్కటే చూపించి, నొక్కితే నాలుగు పాదాలూ తాత్పర్యమూ తెరుచుకోవాలి. లైన్ ఎత్తును "స్వాతంత్ర్యం" అన్న మాటతో పరీక్షించండి. కింద రెండు ఒత్తులూ తెగకుండా కనిపిస్తే మిగతావన్నీ కనిపిస్తాయి.

షీటు అక్టోబరు 15కి, దసరాకు ముందే, పూర్తి కావాలి. నవంబరు 15 లోపు ఇద్దరు వేర్వేరుగా మొత్తం చదవాలి: ఒకరు కోస్తా వాళ్లు, ఒకరు తెలంగాణ వాళ్లు. ఒకరికి తెలిసిన సామెత ఇంకొకరికి అర్థం కాకపోతే తాత్పర్యం రాయాలి, తీసేయొద్దు. వరస వేసే స్క్రిప్టు డిసెంబరు 1న చివరిసారి నడుస్తుంది. ఆ తర్వాత మార్పులన్నీ అదనపు పెట్టె ద్వారానే.