తూర్పు ముఖం ప్లాటు

కాగితాల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. లేఅవుట్‌కు అనుమతి ఉంది, ఈసీ శుభ్రంగా ఉంది, లోను ఇస్తామని బ్యాంకు వాళ్లు కూడా అన్నారు. నల్లగొండ నుంచి దేవరకొండ రోడ్డులో పోతే ఊరు దాటగానే కుడి చేతి వైపు. 200 గజాలు, తూర్పు ముఖం, గజం 11,000. విజయ భర్త సైదులుకు బావ ఒకాయన ఉన్నాడు. ఆయన మే నెలలోనే చూసి, నచ్చి, పంతులుతో కూడా ఊ కొట్టించాడు.

"ఈశాన్యం పెరిగిన బిట్టు చెల్లెమ్మా, మళ్లీ దొరకదు. శ్రావణంలో బయానా ఇచ్చేద్దాం" అన్నాడు విజయతో.

మే నెలలో ఆ వెంచర్ నిజంగానే ముచ్చటగా ఉండింది. ఎర్రటి మొరం పరిచిన రోడ్లు, తెల్ల సున్నం వేసిన హద్దు రాళ్లు, గేటు దగ్గర కొత్తగా నాటిన కొబ్బరి మొక్కలు. ఎండాకాలంలో ఏ నేలైనా బాగానే కనిపిస్తుంది.

శ్రావణంలో ముసురు పట్టింది. అది తెరిపిచ్చాక, బయానాకు ముందు ఒకసారి అత్తమ్మకు చూపించాలని విజయ పట్టుబట్టింది. సైదులు డిపోలో సెలవు పెట్టాడు. బావ తన కారు తెచ్చాడు.

వాన ఆగి మూడో రోజు. మెయిన్ రోడ్డు అప్పటికే ఎండి, దుమ్ము కూడా లేస్తోంది. వెంచర్ లోపలికి మలుపు తిరగ్గానే మాత్రం కారు చక్రాలు సగం దాకా నీళ్లలో మునిగాయి. మెయిన్ రోడ్డు ఎత్తు చేశారు గానీ పక్కన మురికి కాలువ తీయలేదు. ప్లాట్లన్నీ దాని కంటే కిందికి ఉన్నాయి. నీళ్లు పోవడానికి ఆ చివర ఒక సిమెంటు పైపు వేశారు, అది మట్టితో పూడిపోయింది.

"రేపటికల్లా ఇంకిపోతయి" అన్నాడు బావ.

అత్తమ్మ చెప్పులు చేతిలో పట్టుకొని ప్లాటులోకి దిగింది. నలభై ఏళ్లు నాట్లు వేసిన మనిషి, బురదలో ఆమె నడిచినంత తేలిగ్గా ఎవరూ నడవలేరు. ఒక మూల కూర్చొని గడ్డి పీకి చూసింది. అది తుంగ. దాని వేరుకు గడ్డలు వేలాడుతున్నాయి.

"సైదులూ, తుంగ ఇంత మొలిచిందంటే నీళ్లు ఈ వానకే నిలవలే. ఏడాదేడాది నిలుస్తున్నయి. ఇది కుంట కింద మడి రా."

గేటు దగ్గర వాచ్‌మన్‌ను గడ్డపార అడిగి తెచ్చారు. పైన జానెడు మందం ఎర్ర మొరం, దాని కింద బంకలాంటి నల్లరేగడి. విజయ ఇంత ముద్ద తీసి పిసికితే వేలికి అంటుకొని ఊడి రాలేదు, తీగలాగా సాగింది. హద్దు రాళ్లు కొన్ని పక్కకు వంగి ఉన్నాయి, ఎందుకో అప్పుడు అర్థమైంది. ఎండకు రేగడి నెర్రెలు విచ్చుకుంటుంది, వానకు ఉబ్బుతుంది. ఏడాదికోసారి లేచి పడుకునే నేలలో రాయి నిలువుగా నిలవదు.

"ఏంది అత్తా, పొలం కొంటున్నమా, ఇల్లు కట్టుకుంటున్నమా?" బావ గొంతులో చిరాకు దాగలేదు. "నల్లగొండల రేగడి మీద కూడా ఇండ్లున్నయి. అందరూ ఉంటలేరా?"

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే విజయ ఆ పక్కన అప్పటికే కట్టిన ఇంటి వైపు నడిచింది.

అది రెండేళ్ల ఇల్లు. ముందు గోడకు కొత్తగా రంగు వేశారు. ప్రహరీ గోడ పక్కవైపు మాత్రం ప్లాస్టరింగ్ చేయకుండా వదిలేశారు, అక్కడ ఇటుకల సందుల్లో పగులు మెట్లు మెట్లుగా పైకి ఎక్కింది. కింద వేలు పట్టనంత సన్నం, పైకి పోయేకొద్దీ వేలు దూరేంత. గోడ మీద మోకాలెత్తున బురద గీత ఒకటి.

ఇంటావిడ బయటికి వచ్చింది. నీళ్లు తాగుతారా అని అడిగింది. ప్లాటు సంగతి ఎత్తగానే, "మంచిగనే ఉంటది అక్కా, రండి. మాక్కూడా తోడుంటది" అంది. అంటూనే తలుపు వెనక్కి వేయబోయింది, అది గడపకు తట్టుకొని ఆగింది. భుజంతో నెట్టింది. పడలేదు.

విజయ ఏమీ అడగలేదు. ఆమె చెప్పలేకపోవడంలో తప్పేముంది? ఆ ఇంటికి పెట్టిన డబ్బంతా అక్కడే ఉంది. కష్టం నలుగురికీ చెబితే ఇంటి ధర పడిపోతుంది. చెప్పకపోతే ఇంకో నాలుగు ఇళ్లు లేస్తాయి, అందరూ కలిసి మున్సిపాలిటీని కాలువ అడగవచ్చు. గ్లాసు తిరిగి తీసుకుంటున్నప్పుడు ఆమే మెల్లగా అంది, "కట్టేముందు మంచి మేస్త్రిని అడగండి. మేం అడగలే."

మేస్త్రి అంటే సైదులుకు తెలిసినాయన ఒకడున్నాడు, మిర్యాలగూడ వైపు మనిషి. మరుసటి ఆదివారం వచ్చి, ఆ ఇంటావిడ ఒప్పుకుంటే లోపల కూడా చూశాడు. ద్వారబంధానికి తూగుగుండు వేలాడదీసి, గచ్చు మీద రసమట్టం పెట్టాడు. వానకు చెక్క ఉబ్బి తలుపు పట్టుకోవడం వేరు, ఇది వేరు అన్నాడు. ద్వారబంధమే ఒరిగింది. కిటికీ మూల నుంచి ఐమూలగా పోయిన పగులు చూపించాడు.

"ప్లాస్టరింగ్ పగులైతే వెంట్రుకంత ఉంటది, పైపైనే. ఇది గోడ రెండు వైపులా కనిపిస్తుంది. ఒక మూల పునాది దిగింది."

"మనం గట్టిగ కట్టుకుంటే?" అన్నాడు బావ.

"కట్టొచ్చు. గట్టి నేల తగిలేదాకా పైల్స్ దించాలె, అడుగున వెడల్పు చేసి. పైన బీము, నేల ఉబ్బినా బీముకు తగలకుండా కింద సందు. ఇంటి చుట్టూ నీళ్లు దిగకుండా గచ్చు. ఇంజనీరు లెక్క రాసియ్యాలె. అప్పుడు కూడా రోడ్డు మీది నీళ్లు మీవే. గజానికి మీరు మిగిల్చుకున్న పైసలు భూమిలోకే పోతయి."

బావ ఆ తర్వాత పది రోజులు ఫోన్ ఎత్తలేదు.

రెండో ప్లాటు అత్తమ్మ బంధువు ద్వారా దొరికింది. గుట్ట వైపు పాత కాలనీ. 150 గజాలే, పడమర ముఖం, గజం 14,500. మొత్తం లెక్క వేస్తే రెండూ దగ్గర దగ్గర ఒక్కటే: అది 22 లక్షలు, ఇది 21 లక్షల 75 వేలు. యాభై గజాలు తక్కువ వస్తున్నాయంటే సైదులుకు మనసొప్పలేదు. స్కూటర్ ఎక్కడ పెట్టాలి, మొక్కలెక్కడ పెట్టాలి, పిల్లవాడికి గది ఎక్కడ? బోరు పడుతుందో లేదో అన్న టెన్షన్ వేరే. మంచినీళ్లు ఎలాగూ నల్లా నీళ్లే, నల్లగొండలో బోరు నీళ్లు ఫ్లోరైడ్ పరీక్ష చేయించకుండా ఎవరు తాగుతారు అని విజయ సర్ది చెప్పింది.

ఈసారి పగలు వాన పడగానే, రాత్రి డ్యూటీ దిగి సైదులు నేరుగా అక్కడికే వెళ్లాడు. టార్చి లైటు వేసి చూస్తే రోడ్డు తడిగా ఉంది గానీ నీళ్లు లేవు. పక్కిళ్ల గోడల మీద కూడా లైటు వేసి చూశాడు. ఒకాయన తలుపు తీసి "ఎవరు?" అని గద్దించాడు. సంగతి చెప్పాక, తన ఇల్లు పద్దెనిమిదేళ్లదని, పునాది తవ్వేటప్పుడు బండ తగిలి ఖర్చు తడిసి మోపెడయిందని, ఆ రాత్రప్పుడే టీ పెట్టించి మరీ చెప్పాడు.

అలాగే అయింది. దసరా తర్వాత ముగ్గు పోసి తవ్వడం మొదలుపెడితే మూడడుగులకే బండ. బ్రేకర్ కావాలి, గంటల లెక్కన డబ్బు అన్నాడు మేస్త్రి. బావ ఆ రోజు వచ్చి, గుంత అంచున నిలబడి చూశాడు. "పడమర ముఖమే గానీ, నేల మాత్రం ఇనుము" అన్నాడు.

బ్రేకర్ వాడు పగిలిన రాయి తన ట్రాక్టర్లో తీసుకుపోతానని, అందుకని కిరాయిలో కొంత తగ్గిస్తానని బేరం పెట్టాడు. సైదులు సరే అనబోతున్నాడు. విజయ కొంగు నడుముకు దోపి ముందుకు వచ్చింది.

"రాయి మాది అన్నా. బేస్‌మెంట్ నింపుకుంటం. కిరాయి సంగతి వేరే మాట్లాడు."